హనుమకొండ ఇంటి కిరాయిపై అమెరికాలో క్రెడిట్: కోసిన టీడీఎస్‌కు కాదు, తేలిన పన్నుకే

ప్రశ్న: "నేను డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను, జీతం ఏడాదికి 1,30,000 డాలర్లు, ఇంకా పెళ్లి కాలేదు. హనుమకొండ నయీంనగర్‌లో 2019లో నా పేరు మీద ఇల్లు కట్టించాను. 2022 ఏప్రిల్ నుంచి ఒక సంస్థ తన ఉద్యోగుల నివాసానికి నెలకు 75,000 రూపాయల కిరాయికి తీసుకుంది. వాళ్లు 31.2 శాతం టీడీఎస్ కోసుకుని మిగిలిన 51,600 రూపాయలు మా నాన్న ఖాతాలో వేస్తున్నారు. 2024-25కి మొదటిసారి ఇండియాలో రిటర్న్ వేశాను, 2,64,730 రూపాయల రీఫండ్ అని చూపించింది కానీ ఇంకా రాలేదు. అంతకుముందు రెండేళ్లకు రిటర్న్ వేయలేదు. ఇప్పుడు 2025 అమెరికా రిటర్న్ వేయాలి. నాకు ఒక్క రూపాయి అందని ఈ కిరాయిని ఇక్కడ కూడా చూపాలా? రీఫండ్ రాలేదు కాబట్టి కోసిన 2,80,800 మొత్తాన్నీ క్రెడిట్‌గా తీసుకోవచ్చని మిత్రుడొకరు అంటున్నారు, నిజమేనా?"

సమాధానం:

కిరాయిని అమెరికా రిటర్న్‌లో తప్పకుండా చూపాలి. క్రెడిట్ మాత్రం 2,80,800 రూపాయలకు రాదు, మీ ఇండియా రిటర్న్‌లో చివరికి తేలిన 16,070 రూపాయల పన్నుకే వస్తుంది. రీఫండ్ మీ ఖాతాలో పడిందా లేదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. మీ మిత్రుడు చెప్పినట్టు చేస్తే ఈ ఏడాది తొమ్మిది వందల డాలర్లకు పైగా అదనంగా క్రెడిట్ తీసుకున్నట్టవుతుంది. ఆ మొత్తాన్ని తర్వాత వడ్డీతో సహా తిరిగి కట్టవలసి వస్తుంది.

నేను హనుమకొండలో చార్టర్డ్ అకౌంటెంట్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే ప్రవాసుల ఫైళ్లలో కిరాయికి సంబంధించినవే ఎక్కువ, వాటిలో నేను ఎక్కువసార్లు సరిదిద్దవలసి వచ్చిన తప్పు కూడా ఇదే. అందుకే మీ అంకెలతోనే లెక్క మొత్తం చేసి చూపిస్తాను.

ముందుగా, పన్ను వేసే హక్కు ఎవరిదో చూద్దాం. భారత్, అమెరికాల మధ్య 1989లో కుదిరిన ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందంలోని 6వ అధికరణం ప్రకారం, స్థిరాస్తి ఏ దేశంలో ఉంటే దాని ఆదాయంపై ఆ దేశం పన్ను వేయవచ్చు. అంటే నయీంనగర్ ఇంటిపై మొదటి హక్కు భారత్‌ది. అయితే మీరు అమెరికాలో పన్ను నివాసి కాబట్టి, ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఆ ఆదాయం అక్కడి రిటర్న్‌లోకి వస్తుంది. ఒకే కిరాయిపై రెండుసార్లు భారం పడకుండా, భారత్‌లో కట్టిన పన్నును అమెరికా తన పన్నులోంచి తగ్గిస్తుంది, ఈ మాట 25వ అధికరణంలో ఉంది. చాలామంది అమెరికా నుంచి నివాస ధ్రువపత్రం, అంటే టీఆర్‌సీ, తెప్పించి కిరాయిదారుకు ఇస్తే టీడీఎస్ తగ్గుతుందని అనుకుంటారు. బ్యాంకు వడ్డీ విషయంలో అది పనికొస్తుంది, ఎందుకంటే వడ్డీకి ఒప్పందంలో తక్కువ రేటు ఉంది. కిరాయికి అలాంటి తక్కువ రేటు ఏదీ లేదు, అందువల్ల ఆ పత్రం ఇక్కడ అక్కరకు రాదు.

ఇప్పుడు ఇండియా లెక్క. 2024-25లో మీకు రావలసిన కిరాయి 9,00,000 రూపాయలు. గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్‌కు ఇంటి పన్ను 30,000 రూపాయలు కట్టారని అనుకుందాం. మీ రీఫండ్ అంకెతో ఇది సరిపోతోంది కాబట్టి దాదాపు ఇంతే కట్టి ఉంటారు. ఇంటి పన్ను ఆ ఏడాదిలో నిజంగా కట్టి ఉంటేనే తగ్గింపు వస్తుంది, బాకీ ఉంచితే రాదు. అది తీసేస్తే 8,70,000. ఇందులో 30 శాతం, అంటే 2,61,000 రూపాయలు, మరమ్మతులు వగైరాల కింద చట్టమే తగ్గిస్తుంది. మీరు ఇంటికి సున్నం వేయించారా, మోటారు మార్పించారా అన్నది ఎవరూ అడగరు, రసీదులు కూడా అక్కర్లేదు. మిగిలిన 6,09,000 రూపాయలే పన్ను పడే ఆదాయం. ఆ ఏడాది కొత్త విధానంలో మొదటి 3 లక్షలకు పన్ను లేదు, ఆ పైన 7 లక్షల వరకు 5 శాతం. మీకు 3,09,000 మీద 15,450, దానిపై 4 శాతం సెస్ 618 కలిపితే 16,068, దాన్ని పదికి సవరిస్తే 16,070. ఇక్కడ ఉండే మీ అన్నకో తమ్ముడికో ఇదే ఆదాయం వస్తే 87ఏ రిబేటు వల్ల ఆ కాస్త పన్ను కూడా ఉండేది కాదు. ప్రవాసులకు ఆ రిబేటు వర్తించదు.

మరి 2,80,800 ఎక్కడి నుంచి వచ్చింది? ప్రవాసికి కిరాయి ఇచ్చేటప్పుడు 195వ సెక్షన్ కింద మొత్తం కిరాయి మీద 30 శాతం, దానిపై సెస్ కలిపి 31.2 శాతం కోయాలి. దీనికి కనీస పరిమితి లేదు, ఇంటి పన్ను, 30 శాతం తగ్గింపు, మూడు లక్షల మినహాయింపు ఏవీ కోసేవారు చూడరు. నెలకు 23,400 చొప్పున పన్నెండు నెలలకు 2,80,800. ఇది ముందుజాగ్రత్తగా పట్టి ఉంచిన సొమ్ము మాత్రమే. మీరు నిజంగా బాకీపడిన పన్ను ఎంతో రిటర్న్ వేసినప్పుడు తేలుతుంది, మిగిలినది ప్రభుత్వం మీకు తిరిగి ఇవ్వవలసిన బాకీ.

అమెరికా నిబంధన సరిగ్గా ఈ తేడా మీదే నిలబడి ఉంది. అక్కడి నిబంధనల ప్రకారం, మరో దేశానికి చెల్లించిన సొమ్ములో తిరిగి వస్తుందని సహేతుకంగా చెప్పగలిగిన భాగాన్ని పన్నుగానే లెక్కించరు. మీ విషయంలో ఎంత తిరిగి వస్తుందో మీ రిటర్నే రాసి చూపించింది. అలాగే, అడిగితే తిరిగి వచ్చే సొమ్మును అడగకుండా వదిలేసినా అది స్వచ్ఛందంగా ఇచ్చినదిగా పరిగణిస్తారు, దానికీ క్రెడిట్ ఉండదు. కాబట్టి "ఇండియాలో రిటర్న్ వేసే బాధ ఎందుకు, టీడీఎస్ వదిలేసి ఇక్కడ క్రెడిట్ తీసుకుంటే సరిపోతుంది" అనే ఆలోచనకు రెండు వైపులా నష్టమే. ఇండియాలో రీఫండ్ పోతుంది, అమెరికాలో క్రెడిట్ నిలవదు.

కాజీపేటకు చెందిన ఒకాయన ఇలాగే చేశారు. కిరాయిదారు ఇచ్చే టీడీఎస్ ధ్రువపత్రం, అంటే ఫారం 16ఏలో ఉన్న అంకెను యథాతథంగా అమెరికా రిటర్న్‌లో ఎక్కించారు. ఆ తర్వాత ఇండియా రీఫండ్ వచ్చింది. రీఫండ్ వచ్చిందంటే విదేశీ పన్ను మారినట్టే కాబట్టి, పాత అమెరికా రిటర్న్‌ను ఫారం 1040-ఎక్స్‌తో సవరించి, విదేశీ పన్నుకు క్రెడిట్ కోరే ఫారం 1116ను దాని షెడ్యూల్ సీతో కలిపి మళ్లీ వేసి, తేడాను వడ్డీతో కట్టవలసి వచ్చింది. ఆయన దురుద్దేశంతో చేసింది కాదు, ఫారం 16ఏ మీద "పన్ను" అని ఉంది కాబట్టి అదే పన్ను అనుకున్నారు. తప్పు తెలిసిన వెంటనే తానే సవరించుకున్నారు కాబట్టి వ్యవహారం వడ్డీతో ముగిసింది.

ఇక అమెరికా వైపు లెక్క. ఇందులో మనవాళ్లు రెండో చోట పొరబడతారు. ఇండియా రిటర్న్‌లో వచ్చిన 6,09,000ను డాలర్లలోకి మార్చి అక్కడ రాసేస్తారు. అలా కుదరదు. షెడ్యూల్ ఈలో కిరాయిని మొత్తంగా చూపి, అమెరికా నియమాల ప్రకారం ఖర్చులను తీసివేయాలి. ఇండియా ఇచ్చే 30 శాతం తగ్గింపు అక్కడ లేదు. దానికి బదులు నిజంగా అయిన మరమ్మతు ఖర్చులు, బీమా, ఇంటి పన్ను, రుణం ఉంటే వడ్డీ, వీటితోపాటు ఇంటి తరుగుదల తగ్గుతాయి. ఇండియాలో అక్కర్లేని రసీదులు అక్కడ అక్కరకొస్తాయి. సున్నం వేసిన మేస్త్రీ రాసిచ్చిన కాగితమైనా సరే, తేదీ, మొత్తం, సంతకంతో భద్రపరచండి, డబ్బును వీలైనంతవరకు బ్యాంకు ద్వారా ఇవ్వండి.

తరుగుదలను కొంచెం వివరంగా చెప్పాలి. విదేశంలో ఉన్న నివాస గృహాన్ని 2017 తర్వాత కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టి ఉంటే, కట్టడం విలువను 30 ఏళ్లకు సమానంగా పంచాలి. అంతకుముందే కిరాయికి ఇచ్చి ఉంటే 40 ఏళ్లు. స్థలానికి తరుగుదల ఉండదు కాబట్టి దాని విలువను విడదీయాలి. మీ ఇంటి నిర్మాణానికి స్థలం కాకుండా 42 లక్షలు అయిందనుకుందాం. దీన్ని ఇవాళ్టి డాలరు రేటుతో కాకుండా కట్టిన నాటి రేటుతో మార్చాలి. 2019లో డాలరు సుమారు 70 రూపాయలు, అంటే 60,000 డాలర్లు. 30తో భాగిస్తే ఏడాదికి 2,000. మీ అమ్మానాన్నలు కొంతకాలం అందులో ఉండి తర్వాత కిరాయికి ఇచ్చి ఉంటే, కట్టిన ఖర్చు, కిరాయికి ఇచ్చిన నాటి విలువ, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాన్నే తీసుకోవాలి. నయీంనగర్ లాంటి చోట విలువ తగ్గి ఉండదు కాబట్టి మీకు ఖర్చే నిలుస్తుంది. ఈ తరుగుదల మీ ఇష్టానికి వదిలినది కాదు. మీరు చూపకపోయినా, ఇల్లు అమ్మిన రోజున చూపినట్టే భావించి మీ అసలు విలువను తగ్గిస్తారు. అందుకే ఏటా చూపడమే మేలు.

లెక్క సులువుగా ఉండడానికి డాలరుకు 85 రూపాయలు అనుకుందాం, రిటర్న్ వేసేటప్పుడు మాత్రం ఆ ఏడాది సగటు రేటు వాడండి. 2025లో 9,00,000 కిరాయి అంటే 10,588 డాలర్లు. ఇంటి పన్ను 353, మరమ్మతులు, బీమా కలిపి 85,000 రూపాయలు అనుకుంటే 1,000, తరుగుదల 2,000 తీసేస్తే మిగిలేది 7,235 డాలర్లు. ఇది మీ జీతానికి కలుస్తుంది. ప్రామాణిక తగ్గింపు 15,750 పోగా పన్ను పడే మొత్తం 1,21,485, దానిపై ఫెడరల్ పన్ను సుమారు 22,003 డాలర్లు. కిరాయి లేకపోతే 20,267 అయ్యేది. అంటే ఈ కిరాయి వల్ల అమెరికాలో పెరిగిన పన్ను 1,736 డాలర్లు.

ఇప్పుడు ఫారం 1116. కిరాయి ఆదాయం మీ వంటివారికి `Passive category income` కిందికి వస్తుంది. ఈ ఫారం రెండు అంకెలను పోల్చి, వాటిలో చిన్నదాన్నే క్రెడిట్‌గా ఇస్తుంది. ఒకటి మీరు భారత్‌కు నిజంగా బాకీపడిన పన్ను. రెండోది పరిమితి, అంటే మీ మొత్తం అమెరికా పన్నులో విదేశీ ఆదాయం వాటాకు వచ్చే భాగం. ఈ వాటా కట్టేటప్పుడు 7,235ను నేరుగా తీసుకోరు. ప్రామాణిక తగ్గింపులో కొంత భాగాన్ని కిరాయికి కూడా పంచుతారు. మొత్తం ఆదాయంలో స్థూల కిరాయి దాదాపు ఏడున్నర శాతం కాబట్టి 15,750లో 1,186 డాలర్లు దీనికి పడతాయి, మిగిలేది 6,049. 1,21,485లో 6,049 అంటే దాదాపు 5 శాతం, 22,003లో ఆ వాటా 1,096 డాలర్లు. ఇదే మీ పరిమితి.

మీ నిజమైన భారత పన్ను 16,070 రూపాయలు, అంటే 189 డాలర్లు. ఇది 1,096 కన్నా తక్కువ కాబట్టి మొత్తం 189 క్రెడిట్‌గా వస్తుంది. కిరాయి మీద అమెరికాకు కట్టవలసింది 1,547 డాలర్లు. రెండు దేశాలకూ కలిపి మీ భారం మళ్లీ అదే 1,736. ఒప్పందం ఉద్దేశం ఇదే, రెండు దేశాల్లో ఎక్కడ ఎక్కువ పన్ను పడితే ఆ మేరకే మీరు కడతారు. టీడీఎస్ మొత్తాన్ని, అంటే 3,300 డాలర్లకు పైగా చూపి ఉంటే ఫారం 1,096 వరకు క్రెడిట్ ఇచ్చేసేది, మిగిలినదాన్ని వేరే సంవత్సరాలకు మోసుకెళ్లేది కూడా. అలా 907 డాలర్లు ఈ ఏడాదికి, రెండు వేలకు పైగా వేరే ఏళ్లకు, లేని క్రెడిట్ మీ లెక్కలోకి చేరేది. సాఫ్ట్‌వేర్ ఈ తప్పును పట్టుకోదు, మీరిచ్చిన అంకెనే నమ్ముతుంది. విదేశీ పన్ను 300 డాలర్ల లోపు ఉంటే ఫారం 1116 అక్కర్లేదని కూడా మీరు వినే ఉంటారు. ఆ సౌలభ్యం 1099 లాంటి పత్రంలో నమోదైన వడ్డీ, డివిడెండ్ల వంటివాటికే. ఇండియా కిరాయికి అలాంటి పత్రం రాదు కాబట్టి మీరు ఫారం వేయవలసిందే.

మీరు టెక్సాస్‌లో ఉన్నారు కాబట్టి రాష్ట్ర ఆదాయపు పన్ను గొడవ లేదు. కాలిఫోర్నియాలో ఉన్నవారు ఈ సమాధానం చదువుతుంటే గమనించాలి, ఆ రాష్ట్రం కిరాయి మీద పన్ను వేస్తుంది కానీ ఇండియాలో కట్టిన పన్నుకు క్రెడిట్ ఇవ్వదు.

తర్వాతి చిక్కు సంవత్సరాలది. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి, వాళ్లది జనవరి నుంచి డిసెంబరు. 2025 అమెరికా రిటర్న్‌లో ఏ ఏడాది ఇండియా పన్నును చూపాలి? మామూలుగా నగదు పద్ధతిలో, ఆ క్యాలెండరు ఏడాదిలో చెల్లించిన పన్నును చూపాలి. కానీ నెలనెలా కోసిన టీడీఎస్‌లో ఎంత భాగం నిజమైన పన్నో, ఎంత తిరిగి వస్తుందో రెండు ఆర్థిక సంవత్సరాలుగా విడదీసి అంచనా వేయవలసి వస్తుంది. దీనికన్నా ఫారం 1116లో `Accrued` అన్న ఎంపిక మీ వంటివారికి అనువుగా ఉంటుందని నా అనుభవం. ఈ పద్ధతిలో భారత పన్ను సంవత్సరం ముగిసిన రోజున, అంటే 2025 మార్చి 31న, 2024-25 పన్ను ఖరారైనట్టు లెక్క. ఆ తేదీ 2025లో ఉంది కాబట్టి మొత్తం 16,070 రూపాయలూ 2025 అమెరికా రిటర్న్‌లోకి వస్తాయి. మీరు 2025లోనే ఇండియా రిటర్న్ వేసేశారు, అమెరికా రిటర్న్ గడువు 2026 ఏప్రిల్. అంటే అంచనా అక్కర్లేని తేలిన అంకె చేతిలో ఉంటుంది. పైన నేను చేసిన లెక్క ఈ పద్ధతిలోనిదే. ఒక్కసారి దీన్ని ఎంచుకుంటే తర్వాతి సంవత్సరాలన్నిటికీ ఇదే పద్ధతి పాటించాలి, కాబట్టి మీ రిటర్న్ వేసేవారితో మాట్లాడి నిర్ణయించుకోండి.

రీఫండ్ వచ్చినప్పుడు దానితో కలిసి వచ్చే వడ్డీని మాత్రం మరచిపోవద్దు. నెలకు అర శాతం చొప్పున వచ్చే ఆ వడ్డీ రెండు దేశాల్లోనూ ఆదాయమే. అసలు రీఫండ్ మీ సొమ్మే కాబట్టి దానిపై పన్ను లేదు.

ఇక మీ నాన్నగారి ఖాతా సంగతి. మన జిల్లాల్లో ఇది చాలా సహజంగా జరిగిపోయే ఏర్పాటు. కొడుకు అమెరికాలో ఉంటాడు, కిరాయి డబ్బు తండ్రి ఖర్చులకు ఉపయోగపడుతుంది, ఇందులో తప్పేముందని అందరూ అనుకుంటారు. కుటుంబం వైపు నుంచి చూస్తే తప్పేమీ లేదు. పన్ను వైపు నుంచి చూస్తే మాత్రం, ఇల్లు ఎవరి పేరున ఉంటే కిరాయి వారి ఆదాయం, అది ఎవరి ఖాతాలో పడినా సరే. మీకు ఒక్క రూపాయి అందకపోయినా అది మీరు సంపాదించి నాన్నగారికి ఇచ్చినట్టే రెండు దేశాలూ చూస్తాయి.

మీ కిరాయిదారు మీ పాన్ మీదే టీడీఎస్ కడుతున్నారు కాబట్టి మీ పరిస్థితి నయం. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబంలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడైన తండ్రి, కొడుకు ఇంటి కిరాయిని తన పింఛనుతో కలిపి తన రిటర్న్‌లో నిజాయితీగా చూపి పన్ను కట్టారు. కొడుకు ఆ చలాన్లను అమెరికా రిటర్న్ వేసేవారికి పంపితే, వాటి మీద ఉన్న పాన్ తండ్రిది కాబట్టి క్రెడిట్ ఇవ్వడం కుదరదన్నారు. ఆ మాట సరైనదే. చట్టప్రకారం ఆ పన్నుకు బాధ్యుడెవరో వారికే క్రెడిట్ దక్కుతుంది, తండ్రి పన్ను కొడుకుకు రాదు. ఇంట్లో ఎవరూ ఎవరినీ మోసం చేయకపోయినా ఆ కిరాయి మీద రెండు పన్నులు పడ్డాయి. మరుసటి ఏడాది నుంచి కిరాయి ఒప్పందం కొడుకు పేరున తిరగరాయించి, డబ్బు అతని ఎన్ఆర్ఓ ఖాతాలో పడేలా చేసి, అక్కడి నుంచి తండ్రికి పంపే ఏర్పాటు చేశాం. మీరూ అలాగే చేయండి. ఇల్లే నాన్నగారి పేరున రాసివ్వాలనుకుంటే అది వేరే నిర్ణయం. దానికి రిజిస్ట్రేషన్ ఖర్చు ఉంటుంది, అమెరికాలో గిఫ్ట్ పన్ను రిటర్న్ వేయవలసిన పరిస్థితి కూడా రావచ్చు, కాబట్టి కేవలం ఈ పన్ను కోసం ఆ పని చేయమని నేను చెప్పను. ఎన్ఆర్ఓతో సహా మీ పేరున ఇండియాలో ఉన్న ఖాతాలన్నిటి నిల్వ ఏడాదిలో ఎప్పుడైనా కలిపి 10,000 డాలర్లు దాటితే అమెరికాలో విదేశీ ఖాతాల నివేదిక, అంటే ఎఫ్‌బార్, వేయాలన్నది కూడా గుర్తుంచుకోండి.

ఏటా రెండున్నర లక్షలకు పైగా ప్రభుత్వం దగ్గర నిలిచిపోవడం మీకు ఇబ్బంది అయితే, దాన్ని తగ్గించుకునే మార్గం ఉంది. 197వ సెక్షన్ కింద ఫారం 13లో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే, మీ అంచనా ఆదాయాన్ని చూసి అంతర్జాతీయ పన్నుల విభాగపు అధికారి తక్కువ రేటుతో కోయమని ధ్రువపత్రం ఇస్తారు. ప్రవాసుల ఫైళ్లు ఆ విభాగానికే వెళ్తాయి, మన వైపు వారివి హైదరాబాదులో చూస్తారు. కిరాయి ఒప్పందం, ఇంటి పన్ను రసీదు, పాత రిటర్న్‌లు, కిరాయిదారు టాన్ సంఖ్య అడుగుతారు. అది జారీ అయిన రోజు నుంచి ఆ ఆర్థిక సంవత్సరం చివరి వరకే చెల్లుతుంది, వెనకటి నెలలకు వర్తించదు. అందుకే ఏడాది మొదట్లోనే దరఖాస్తు పెట్టాలి, డిసెంబరులో పెడితే ఫలితం పెద్దగా ఉండదు. గత ఏళ్ల రిటర్న్‌లు వేయనివారికి ఈ పత్రం రావడం కష్టం. మీరు ఒకటి వేశారు కాబట్టి దారి పడింది. ఒక్క సూచన, నేను చెబుతున్న సెక్షన్లు 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆర్జించే ఆదాయానికి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది, అందులో సెక్షన్ల, ఫారాల సంఖ్యలు వేరు.

కిరాయిదారు వైపు ఒక్కటి చూసుకోండి. ప్రవాసికి కోసిన టీడీఎస్‌ను ఫారం 27క్యూలో చూపాలి. కొందరు అలవాటుగా ఇక్కడి యజమానులకు వాడే 26క్యూలో చూపేస్తారు. మూడు నెలలకోసారి, మీ పాన్ మీద జమైన పన్నును చూపే 26ఏఎస్ తెరిచి, కోసిన సొమ్ము వచ్చిందా, ఏ సెక్షన్ కింద వచ్చిందో చూస్తే ఏడాది చివర్లో వెతుకులాట ఉండదు. 2026 మార్చి వరకు కోసినదానికి 195 అని కనిపించాలి.

చివరిగా మీరు రిటర్న్ వేయని 2022-23, 2023-24 సంగతి. ఆ రెండేళ్లలోనూ ఇదే కిరాయి, ఇదే కోత అయితే ఏడాదికి 2,80,800 చొప్పున మీ పాన్ మీద ఉండి ఉంటుంది. గడువులు దాటిపోయాయి. రీఫండ్ కోరడానికి అప్‌డేటెడ్ రిటర్న్ పనికిరాదు. కానీ 119(2)(బి) సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024 అక్టోబరు నాటి సర్క్యులర్ ప్రకారం, అసెస్‌మెంట్ సంవత్సరం, అంటే ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఆర్థిక సంవత్సరం, ముగిసిన నాటి నుంచి అయిదేళ్ల వరకు దీనికి వీలుంది. అంటే 2022-23కి 2029 మార్చి 31 వరకు, 2023-24కి 2030 మార్చి 31 వరకు. ఆలస్యానికి నిజమైన కారణం ఏమిటో రాయాలి. రిటర్న్ వేయాలని తెలియదన్న ఒక్క మాటతో ముగించకుండా, విదేశంలో ఉన్నట్టు చూపే పాస్‌పోర్టు ముద్రలు, 26ఏఎస్, కిరాయి ఒప్పందం జత చేయండి. అనుమతి వచ్చాక ఆ ఏళ్ల రిటర్న్ వేస్తే రీఫండ్ వస్తుంది, వడ్డీ మాత్రం రాదు. ఆ రెండేళ్ల కిరాయిని అమెరికాలో కూడా చూపకపోయి ఉంటే ఆ రిటర్న్‌లను కూడా 1040-ఎక్స్‌తో సవరించాలి. అక్కడా క్రెడిట్ గడిలో రాయవలసింది 26ఏఎస్‌లోని అంకె కాదు, పైన చూపినట్టు ఆయా సంవత్సరాల శ్లాబులతో లెక్కగట్టిన అసలు పన్నే. దరఖాస్తు ఇంకా పెండింగులో ఉన్నా ఆ అంకె మారదు, ఎందుకంటే మిగిలినది అడిగితే వచ్చే సొమ్ము. ఆ రెండేళ్ల 26ఏఎస్‌లు, ఇంటి పన్ను రసీదులు ముందుగా తీసిపెట్టుకోండి, దరఖాస్తు మొదలయ్యేది వాటితోనే.